ఒక్కరే నడిపే చీరల వ్యాపారంలో ఆటో రిప్లైకి ఏ పని అప్పగించాలి, ఏది అప్పగించకూడదు

ప్రశ్న: "నేను బరంపురంలో ఇంటి నుంచే చీరలు అమ్ముతున్నాను. అంతా నేనొక్కదాన్నే. రోజుకి నాలుగైదు గంటలు ఫోన్‌లో జవాబులు ఇవ్వడానికే పోతోంది. రాత్రి పదకొండింటికి కూడా 'ధర ఎంత' అని మెసేజ్‌లు. ఆటో రిప్లై పెట్టి, పోస్టులు ముందే షెడ్యూల్ చేసుకుంటే టైం మిగులుతుందంటున్నారు. పెడితే కస్టమర్లు పోతారేమోనని టెన్షన్. ఎలా మొదలుపెట్టాలి?"

చెల్లెమ్మా, నేను పర్లాకిమిడిలో 2017 నుంచి ఇదే పని చేస్తున్నాను. పొందూరు నూలు, బరంపురం పట్టు, మధ్యమధ్యలో కొన్ని కోట్‌పాడ్ చీరలు. నాకూ ఇంట్లో ఇంకో చెయ్యి లేదు. ఆటో రిప్లై వల్ల కస్టమర్లు పోరు. కానీ తప్పుడు పని చెప్పిన ఆటో రిప్లై వల్ల మాత్రం పోతారు. నాకు ఆ అనుభవం ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక వారం ఏమీ మార్చకండి. ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకుని, వచ్చిన ప్రతి కొత్త మెసేజ్‌కి ఒక గీత పెట్టండి. ధర అడిగినవారు ఒక వరుస, "ఇది ఉందా" అన్నవారు ఒక వరుస, "పార్సెల్ ఎక్కడుంది" అన్నవారు ఒక వరుస, మిగతావన్నీ ఒక వరుస. నేను లెక్కపెట్టిన వారంలో 140 మంది మెసేజ్ చేశారు. వారిలో 52 మంది ధర, 38 మంది ఉందా లేదా, 27 మంది పార్సెల్ సంగతి అడిగారు. మనిషి ఆలోచించి జవాబు చెప్పాల్సినవి మిగిలిన 23 మాత్రమే. పెళ్లికి ఏడు చీరలు ఒకే రంగులో కావాలనడం, రంగు దిగిందని ఫిర్యాదు చేయడం, అత్తగారికి ఏది బాగుంటుందని అడగడం, ఇలాంటివి. నా రోజంతా ఆ 23 మందికి వెళ్లాల్సింది, మిగతా 117 మందికి వెళ్తోంది.

ఆ 52 మంది ధర ప్రశ్నలకు నేను ఆటో రిప్లై పెట్టలేదు. ఫొటో మీదే ధర రాశాను. చాలామంది "ధరకు మెసేజ్ చేయండి" అని రాస్తారు. అలా రాస్తే మాట కలుస్తుంది, బేరం కుదురుతుంది అని నమ్మకం. ఒక్కరే ఉన్న దుకాణానికి అది నష్టం. పదిమంది అడిగితే ఎనిమిదిమంది ధర వినగానే మాట్లాడడం మానేస్తారు, వారికి కూడా మీరు జవాబు రాసి ఉంటారు. ఇప్పుడు నేను ప్రతి చీరకు ఒక నంబరు ఇస్తాను. చిన్న అట్టముక్క మీద నంబరు, ధర రాసి, చీర కొంగు మీద పెట్టి ఫొటో తీస్తాను. ఫొటో ఎవరికి ఫార్వర్డ్ అయినా నంబరూ ధరా దానితోనే వెళ్తాయి. ఇదొక్కటి చేసిన నెలకే ధర ప్రశ్నలు సగానికి తగ్గాయి. ఆటోమేషన్ కంటే ముందు ఇది చేయండి. ఎందుకంటే నంబరు లేకపోతే నేను కింద చెప్పబోయే ఆటో రిప్లై కూడా పనిచేయదు.

ఇక వాట్సాప్ బిజినెస్ యాప్. అందులో మనకు పనికొచ్చేవి మూడు: Greeting message, Away message, Quick replies. మూడూ ఉచితం, Business tools లో ఉంటాయి. మొదటి రెండూ వాటంతట అవే వెళ్తాయి. మూడోది మనం నొక్కితేనే వెళ్తుంది. ఈ తేడాను గట్టిగా పట్టుకోండి.

వాటంతట అవే వెళ్లే మెసేజ్‌లతో చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, వాటితో జవాబు చెప్పించాలనుకోవడం. ధరల పట్టిక, షాపు చరిత్ర, యూపీఐ క్యూఆర్ కోడ్, డెలివరీ రోజులు, అన్నీ ఒకే మెసేజ్‌లో కుక్కేస్తారు. యంత్రానికి మీ అరలో ఏ చీర ఉందో తెలియదు. నేను మొదటి ఏడాది Away message లో డబ్బు పంపాల్సిన యూపీఐ ఐడీ పెట్టాను. రాత్రి ఒకావిడ పాత ఫొటో ఒకటి పంపి, ఆటో రిప్లై చూసి, 3,800 రూపాయలు కట్టేశారు. ఆ చీర వారం క్రితమే అమ్ముడుపోయింది. పొద్దున్నే డబ్బు తిరిగి పంపాను. అయినా ఆవిడ మనసు విరిగింది, మళ్లీ రాలేదు. దానికి పట్టిన ఫోన్లు, క్షమాపణలు, లెక్క సరిచూసుకోవడం కలిపితే ఆ ఆటో రిప్లై నెలంతా మిగిల్చిన సమయం ఒక్క పూటలో పోయింది.

అందుకని నా పద్ధతి ఇది. యంత్రం వాగ్దానం చేయకూడదు. ఎప్పుడు జవాబు వస్తుందో చెప్పాలి, నాకు కావలసిన వివరాలు అడిగి పెట్టాలి, అంతే. ఉంది, ఇస్తాను, ఫలానా రోజుకి అందుతుంది, ఇంతకి తగ్గిస్తాను అనే నాలుగు మాటలూ మనిషే చెప్పాలి.

నిజంగా సమయం మిగిలేది ఆ "అడిగి పెట్టడం" దగ్గరే. ఒక మామూలు సంభాషణ ఎలా నడుస్తుందో చూడండి. "హాయ్." మీరు నమస్తే అంటారు. "చీరలు కావాలి." ఎలాంటివి అంటారు. ఫొటో వస్తుంది. ఉంది అంటారు. "కొరియర్ ఎంత?" ఏ ఊరు అంటారు. "టెక్కలి." పిన్‌కోడ్ అడుగుతారు. ఆపైన "శుక్రవారం పెళ్లి, అందుతుందా?" అని చివరి మాట. శుక్రవారానికి అందదు. ఇంతసేపు మాట్లాడిందంతా వృథా. ఆ తేదీ మొదటే తెలిస్తే ఒక్క వాక్యంతో అయిపోయేది. పైగా ఈ మాటల మధ్య మీరు వంటింట్లోకి వెళ్లి వస్తారు, ఆవిడ పిల్లల్ని బడి నుంచి తెచ్చుకుంటారు. పది నిమిషాల పని సాయంత్రం దాకా మీ తలలో నడుస్తూనే ఉంటుంది.

నా Away message ఇప్పుడిలా ఉంది:

"నమస్తే. మీ మెసేజ్ అందింది. నేను ఒక్కదాన్నే అన్నీ చూసుకుంటాను కాబట్టి సాయంత్రం 5 నుంచి 8 మధ్య జవాబు ఇస్తాను. ఈలోగా మూడు వివరాలు పంపండి: చీర నంబరు లేదా ఫొటో, మీ పిన్‌కోడ్, ఏ తేదీకి కావాలి. చీర ఉందని నేను చెప్పాకే డబ్బు పంపండి."

సాయంత్రం ఫోన్ తీసేసరికి చాలామంది మూడూ పంపి ఉంటారు. అర దగ్గరకు వెళ్లి చూసి, ఒక్క మెసేజ్‌లో పూర్తి జవాబు ఇస్తాను. ఆరేడు సార్లు అటూ ఇటూ తిరిగే మాట రెండు సార్లతో అయిపోతుంది. మూడు కంటే ఎక్కువ అడగకండి. ఒకసారి బ్లౌజ్ కొలత, బడ్జెట్ కూడా చేర్చి ఐదు అడిగాను. దరఖాస్తు ఫారంలా అనిపించిందేమో, చాలామంది ఏదీ పంపకుండా ఊరుకున్నారు.

సెట్టింగ్ విషయానికి వస్తే, ముందు బిజినెస్ ప్రొఫైల్‌లో మీ పనివేళలు నింపండి. మీరు నిజంగా జవాబిచ్చే వేళలే వేయండి, నావి 5 నుంచి 8. తరువాత Away message తెరిచి, Schedule లో Outside of business hours ఎంచుకోండి. అప్పుడు మిగతా సమయంలో వచ్చినవారికి అది వెళ్తుంది. ఊరికి వెళ్లే రోజులకైతే Custom schedule లో మొదలు, ముగింపు తేదీలు ఇవ్వండి. అన్నిటికంటే ముఖ్యం, చెప్పిన ఐదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవడం. ఒక్క వారం మాట తప్పితే ఆ మెసేజ్‌ను ఎవరూ నమ్మరు, "అర్జెంట్" అంటూ మళ్లీ ఫోన్లు మొదలవుతాయి.

ఇక Greeting message. ఇది మొదటిసారి మెసేజ్ చేసినవారికే వెళ్తుందని చాలామంది అనుకుంటారు. 14 రోజులుగా మీతో మాటామంతీ లేనివారు మెసేజ్ చేసినా వెళ్తుంది. ఈ సంగతి తెలియక నేను పడ్డ బాధ ఇప్పటికీ మరచిపోలేదు. నాకు పట్టు చీరలు నేసి ఇచ్చే పెద్దాయన ఒకరున్నారు. నెలకోసారి మాట్లాడుకుంటాం. ఒకరోజు పొద్దున్నే ఆయన కొడుకు అదే ఫోన్ నుంచి "అమ్మ పోయింది" అని మెసేజ్ పెట్టాడు. నా ఫోన్ వెంటనే "మా దుకాణానికి స్వాగతం! ఈ వారం పది శాతం తగ్గింపు!" అని పంపింది. నేను చూసేసరికి గంట దాటింది. వాళ్లింటికి వెళ్లి చేతులు పట్టుకుని చెప్పుకుంటే తప్ప నాకు మనశ్శాంతి కలగలేదు.

అందుకే రెండు మెసేజ్‌లలోనూ Send to అనే చోట తప్పకుండా చూడండి. మొదట అది Everyone అని ఉంటుంది. Everyone not in address book పెడితే ఫోన్‌లో పేరు సేవ్ చేసినవారెవరికీ వెళ్లదు. కానీ పాత కస్టమర్ల పేర్లు కూడా మనం సేవ్ చేసుకుంటాం కదా, వారికి సాయంత్రం వేళ సంగతి తెలియకుండా పోతుంది. కాబట్టి Everyone except... ఎంచుకుని, ఇంటివాళ్లు, నేతవాళ్లు, బ్యాంకు, కొరియర్ అబ్బాయి, పిల్లల బడి, ఇలా ఓ ముప్పై పేర్లు తీసేయండి. కొత్త నేతగాడితో పని మొదలైన రోజే ఆ జాబితాలో చేర్చండి. Greeting లో తగ్గింపులు, పండుగ ఉత్సాహం, ఆశ్చర్యార్థకాలు పెట్టకండి. ఏ కబురుకి జవాబుగా అది వెళ్తుందో మనకు తెలియదు.

మన ప్రాంతానికి ఇంకో సంగతి ఉంది. బరంపురం, రాయగడ, జయపురం వైపు ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడేవారు కూడా చాలామంది ఒడియా మీడియంలో చదువుకున్నారు. తెలుగు అక్షరాలు చదవలేరు. నా తెలుగు ఆటో రిప్లైకి ప్రశ్నార్థకం ఒక్కటే జవాబుగా వస్తుంటే మొదట్లో అర్థం కాలేదు. తరువాత వాళ్లలో ఒకమ్మాయికి ఫోన్ చేస్తే, "అక్కా, నాకు తెలుగు చదవడం రాదు, మీరు నోటితో చెప్పండి" అంది. ఇప్పుడు పైన తెలుగులో, కింద అదే సంగతి ఒడియా లిపిలో పెడుతున్నాను. ఒడియా భాగాన్ని అనువాదం చేసే యాప్‌తో కాకుండా, పక్కింటి టీచరమ్మతో రాయించాను. రెండు భాషలు పెడుతున్నారు కాబట్టి మెసేజ్ ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది. ఫోన్ తెరను దాటితే రెండోది ఎవరూ చూడరు.

Quick replies మనం నొక్కితేనే వెళ్తాయని చెప్పాను కదా. మనం చూసి, తెలుసుకుని, ఆపైన పంపే జవాబులు ఇక్కడ పెట్టుకోవాలి. టైప్ చేసే చోట ఒక గీత / పెడితే జాబితా వస్తుంది. 50 వరకు దాచుకోవచ్చు. నాకు తొమ్మిదే ఉన్నాయి, అంతకు మించితే పేర్లు గుర్తుండవు. `/undi` అంటే "ఈ చీర ఉంది, మీకోసం రేపు రాత్రి 8 వరకు పక్కన పెడతాను" అన్న మాట, కింద యూపీఐ వివరాలు. డబ్బు వివరాలు ఇక్కడ ఉండాలి, Away message లో కాదు. `/ledu` అంటే అయిపోయిందని, మళ్లీ నేయించాలంటే ఎన్నాళ్లు పడుతుందో. `/parcel` లో స్పీడ్ పోస్ట్ నంబరును ఎక్కడ చూసుకోవాలో రాసి ఉంటుంది. ఆ నంబరు రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర IN. అది ఇండియా పోస్ట్ వెబ్‌సైట్‌లో టైప్ చేస్తే పార్సెల్ ఎక్కడుందో కనిపిస్తుంది. నేను అడిగేదాకా ఆగను. పార్సెల్ ఇచ్చి ఇంటికి రాగానే రసీదు ఫొటో, ఈ మెసేజ్ పంపేస్తాను. వారానికి 27 వచ్చే ఆ ప్రశ్నలు ఐదారుకు వచ్చాయి. ఒక జాగ్రత్త: డబ్బు కట్టినట్టు స్క్రీన్‌షాట్ వచ్చిందని పార్సెల్ పంపకండి. మీ బ్యాంకు ఖాతాలో జమ అయిందో లేదో చూశాకే పంపండి.

ఇప్పుడు షెడ్యూల్ పోస్టులు. ఫేస్‌బుక్ పేజీకి, ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫెషనల్ ఖాతాకు Meta Business Suite నుంచి ఉచితంగా షెడ్యూల్ చేయవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లో కూడా పోస్టు చేసే ముందు తేదీ, సమయం ఇచ్చే వీలుంది. నేను ఆదివారం మధ్యాహ్నం ఒక గంటన్నర కూర్చుని వారానికి సరిపడా నాలుగు పోస్టులు పెడతాను. ఎక్కడ నొక్కాలో పది నిమిషాల్లో వచ్చేస్తుంది, ఏది షెడ్యూల్ చేయాలో తెలియడమే కష్టం.

మన దగ్గర ఉన్న చీరల్లో చాలావరకు ఒక్కొక్కటే ఉంటుంది. బుధవారానికి షెడ్యూల్ చేసిన చీర మంగళవారం పక్కింటావిడ వచ్చి కొనుక్కుపోతారు. పోస్టు మాత్రం బుధవారం వెళ్తుంది. నలభై మంది అడుగుతారు, నలభై మందికి "అయిపోయింది" అని చెప్పాలి. అది పోయిన సమయమే కాదు, "వీళ్ల దగ్గర ఎప్పుడూ ఉండదు" అనే పేరు కూడా వస్తుంది. దీనికి నేను బీరువాలో ఒక అర ఖాళీ చేశాను. షెడ్యూల్ చేసిన చీర ఆ అరలోకి వెళ్తుంది, మీద తేదీ రాసిన కాగితం పిన్ చేస్తాను. పోస్టు వచ్చేదాకా ఆ చీరను ఎవరికీ చూపించను, ఎంత మొహమాటం ఉన్నా సరే. అలా ఉంచలేనని అనిపించినవి అసలు షెడ్యూల్ చేయను, చేత్తో పెడతాను. మగ్గం మీద మళ్లీ నేయించగలిగే డిజైన్లు, పట్టు చీర మడత మార్చి దాచుకునే తీరు, నూలు చీరకు గంజి పెట్టే విధానం, ఇవి హాయిగా ముందే పెట్టుకోవచ్చు. ఎంత వీలున్నా పది రోజులకు మించి ముందుకు వెళ్లకండి.

పండుగల తేదీల దగ్గర మనకు రెండు క్యాలెండర్లు కావాలి. ఒక్క తెలుగు క్యాలెండర్ గోడకు పెట్టుకుని షెడ్యూల్ చేస్తే సగం అమ్మకం పోతుంది. జూన్ మధ్యలో వచ్చే రజ పండుగ మన క్యాలెండర్‌లో కనపడదు. కానీ ఒడియా ఇళ్లలో ఆడపిల్లలకు కొత్త బట్టలు తప్పనిసరి. ఆశ్వయుజ పౌర్ణమికి వారికి కుమార పూర్ణిమ, సరిగ్గా మూడు రోజులకు మనకు అట్లతద్ది. ఒకే వారంలో రెండు రకాల పోస్టులు కావాలి.

అన్నిటికంటే నన్ను తికమక పెట్టింది మార్గశిరం. మనకు అమావాస్య తరువాత నెల మారుతుంది, ఒడియా పంచాంగంలో పౌర్ణమి తరువాత మారుతుంది. కార్తీక పౌర్ణమి మర్నాటి నుంచే వారికి మార్గశిరం వచ్చేస్తుంది. వారు లక్ష్మీపూజ చేసుకునే మాణబసా గురువారాలు మన మార్గశిర గురువారాల కంటే రెండు వారాలు ముందే మొదలవుతాయి. ఒక ఏడాది నేను లక్ష్మీపూజ చీరల పోస్టులన్నీ మన లెక్కకు షెడ్యూల్ చేశాను. పోస్టు వెళ్లేసరికి ఒడియా కస్టమర్లకు రెండు గురువారాలు అయిపోయాయి. ఇప్పుడు బరంపురంలో దొరికే ఒడియా పంజిక తెచ్చుకుని, రెండూ పక్కపక్కన పెట్టుకుని తేదీలు రాసుకుంటున్నాను. పోస్టును పండుగకు పాతిక రోజుల ముందు పెట్టండి. పార్సెల్ అందాలి, ఫాల్ కుట్టించాలి, బ్లౌజ్ దర్జీ దగ్గర వారం పదిరోజులు ఉంటుంది. పండుగ వారంలో పెట్టిన పోస్టుకు లైకులు వస్తాయి, ఆర్డర్లు రావు.

ఇంకొక విషయం మనలాంటి తీరప్రాంతం వాళ్లు తప్పక తెలుసుకోవాలి. వాట్సాప్ ఆటో రిప్లై మీ ఫోన్ నుంచి వెళ్తుంది. ఫోన్‌కు నెట్ లేకపోతే వెళ్లదు. షెడ్యూల్ చేసిన పోస్టు మాత్రం ఫేస్‌బుక్ సర్వర్ నుంచి వెళ్తుంది. మీ ఫోన్ ఆగిపోయినా, ఊరంతా చీకటైనా వెళ్లిపోతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా ఎంత దెబ్బతిన్నదో మీకు తెలుసు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. నేను వారం ముందే షెడ్యూల్ చేసిన దసరా తగ్గింపు పోస్టు ఆ మర్నాడు ఉదయం తొమ్మిదింటికి వెళ్లింది. దాన్ని తీయడానికి నాకు దారి లేదు. సిగ్నల్ వచ్చాక చూస్తే కింద కామెంట్లలో మా ఊరివాళ్లే "మనుషులు పోతుంటే నీకు అమ్మకాలా" అని రాశారు. మరోపక్క వాట్సాప్‌లో "ఎలా ఉన్నావు" అని అడిగినవారికి నా ఫోన్ నుంచి ఏ జవాబూ వెళ్లలేదు. వద్దన్నది వెళ్లింది, కావలసింది వెళ్లలేదు.

అప్పటి నుంచి విశాఖలో ఉన్న మా చెల్లికి పేజీలో యాక్సెస్ ఇచ్చాను. వాతావరణ శాఖ తుఫాను హెచ్చరిక ఇవ్వగానే నేనే ముందు Meta Business Suite లోని Planner తెరిచి పోస్టులను వాయిదా వేస్తాను. నాకు వీలు కాకపోతే చెల్లి తీసేస్తుంది. అక్టోబరు, నవంబరులలో ఐదు రోజులకు మించి షెడ్యూల్ చేయను. మీకూ తుఫాను దారికి దూరంగా ఉండే నమ్మకమైన మనిషి ఒకరు కావాలి.

వాట్సాప్ స్టేటస్‌కు యాప్‌లో షెడ్యూల్ లేదు. దాన్ని, వందలమందికి ఒకేసారి మెసేజ్‌లను వాటంతట అవే పంపిస్తామనే సాఫ్ట్‌వేర్లు బయట చాలా అమ్ముతారు. వాటి జోలికి వెళ్లకండి. నేను ఒకటి కొన్నాను. మూడో రోజుకే నా నంబరు బ్లాక్ అయింది. తిరిగి వచ్చేదాకా నాలుగు రోజులు వ్యాపారం మొత్తం ఆగింది. అలాంటి బయటి పరికరాలతో గుంపుగా పంపడం వాట్సాప్ నిబంధనలకు విరుద్ధం. స్టేటస్ ఫొటోలను ఆదివారమే ఒక ఆల్బమ్‌లో వరుసగా పెట్టుకుంటాను, రోజూ పొద్దున్న పది నిమిషాలు చేత్తో వేస్తాను. ఎక్కువమందికి చెప్పాలంటే యాప్‌లోనే ఉండే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ చాలు. ఒక్కో జాబితాలో 256 మంది వరకు పెట్టవచ్చు. మీ నంబరు వారి ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ అందుతుంది, అందుకని ప్రతి పార్సెల్‌లో "ఈ నంబరు సేవ్ చేసుకోండి" అని ఒక చీటీ పెడతాను.

మీరు గంటల లెక్క చెప్పారు కాబట్టి నాదీ చెబుతాను. ఇవన్నీ చేయకముందు రోజుకు నాలుగున్నర గంటలు, అంటే వారానికి ముప్పైఒకటిన్నర. ఇప్పుడు సాయంత్రం గంటన్నర చాలు, ఐదు నుంచి ఎనిమిది అని చెప్పినా మిగతా సమయం ప్యాకింగ్‌కే. అది వారానికి పదిన్నర గంటలు, ఆదివారం గంటన్నర, స్టేటస్‌కు గంట పైన కొంచెం. మొత్తం పదమూడు గంటల పైన కొంచెం. ఇది ఒక్క వారంలో రాలేదు, నంబర్లు వేయడం అలవాటయ్యేసరికే రెండు నెలలు పట్టింది.

మీ భయం గురించి కూడా చెప్పాలి. వయసు మళ్లిన కస్టమర్లు కొందరు ఆటో రిప్లై చూసి నొచ్చుకుంటారు, నిజమే. వారు టైప్ చేయరు, వాయిస్ మెసేజ్ పంపుతారు, వారికి మూడు వివరాలు అడిగే మెసేజ్ అర్థం కాదు. అలాంటివారిని నేను Everyone except... జాబితాలో చేర్చేశాను, వారికి నేనే ఫోన్ చేస్తాను. పన్నెండు మంది ఉంటారు. వాళ్లతో మాట్లాడడానికి ఇప్పుడు నాకు తీరిక ఉంది.

అన్నీ పెట్టాక, ప్రారంభించే ముందు పరీక్ష చేయండి. మీకు ఎప్పుడూ మెసేజ్ చేయని నంబరు ఒకటి కావాలి, బంధువులదైనా సరే. పగలు రెండింటికి ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి మెసేజ్ పెట్టించండి. మొదటిదానికి ఏ ఏ మెసేజ్‌లు వెళ్లాయి, ఒకదాని వెంట ఒకటి రెండూ వెళ్లి చెప్పిందే చెప్పినట్టు ఉందా, రెండోదానికి Away message ఆగిందా, ఒడియా భాగం వారి తెర మీద మొత్తం కనపడుతోందా, ఇవి వారి ఫోన్‌లో చూడండి, మీ ఫోన్‌లో కాదు. తరువాత ఒక రెండు వారాలు, ఆటో రిప్లై అందాక అసలు మాట్లాడడమే మానేసినవారు ఎంతమందో నోట్‌బుక్‌లో రాయండి. పదిమందిలో ముగ్గురు నలుగురు అలా మాయమవుతుంటే మీ మెసేజ్ పొడుగైనా అయి ఉంటుంది, వారికి అర్థంకాని లిపిలోనైనా ఉండి ఉంటుంది. ఆ మెసేజ్ ఉన్నదున్నట్టు నాకు పంపండి, ఎక్కడ కోయాలో చెబుతాను. ఒడియా వాక్యాలు మా టీచరమ్మతో రాయించి పంపుతాను.